ముందు పేపరు చూపించండి, తర్వాత ఫీజు అడగండి

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు దినపత్రికల జిల్లా పేజీలో ఒక మూలన నాలుగు వరుసల వార్త ఉంటుంది. రీకౌంటింగ్‌కు పేపరుకు 260 రూపాయలు, రీవెరిఫికేషన్‌కు 1,300 రూపాయలు, చివరి తేదీ ఫలానా. ర్యాంకర్ల ఫొటోలూ కళాశాలల ప్రకటనలూ పేజీలకు పేజీలు ఆక్రమిస్తే, మార్కులు తక్కువ వచ్చిన పిల్లల ఇళ్లలో మాత్రం ఆ నాలుగు వరుసలనే పదేపదే చదువుతారు. చదివినవారిలో ఎక్కువమందికి అర్థమయ్యేది ఒక్కటే: డబ్బు కడితే పేపరు మళ్లీ దిద్దుతారు.

దిద్దరు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ అపోహే. తిరుపతిలో జూనియర్ లెక్చరర్‌గా కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. చాలా వేసవులు స్పాట్ వాల్యుయేషన్ బల్లల దగ్గర గడిచాయి. అందుకని ఏప్రిల్ వచ్చిందంటే బైరాగిపట్టెడలోని మా ఇంటికి తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు మార్కుల మెమోలు పట్టుకుని వస్తుంటారు. వాళ్లందరికీ విడివిడిగా చెప్పిందే ఇక్కడ ఒకచోట చెబుతాను. నా అభిప్రాయమూ చెబుతాను: ఈ పద్ధతిలో ఉన్న అసలు లోపం మళ్లీ దిద్దకపోవడం కాదు, తన పేపరు తాను చూడకముందే విద్యార్థి చేత డబ్బు కట్టించడం.

## రెండు ఫీజులకు ఏమి వస్తుంది

ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025 నోటిఫికేషన్ లెక్కే తీసుకుందాం. రీకౌంటింగ్ అంటే మార్కుల కూడిక సరిచూడటం, అంతే. జవాబు పత్రం నకలు ఇవ్వరు. చివరికి మీకు దక్కేది మార్పు ఉందా లేదా అన్న ఒక ముక్క. ఎక్కడ చూశారో, ఏమి కూడారో తెలియదు.

రీవెరిఫికేషన్‌లో కూడికతో పాటు మరికొన్ని చూస్తారు. రాసిన ప్రతి జవాబుకూ మార్కు పడిందా, లోపలి మార్కు మొదటి పేజీ మీదికి సరిగ్గా ఎక్కిందా, దిద్దకుండా వదిలేసిన జవాబు ఏదైనా ఉందా అని. అలాంటిది కనబడితే ఆ ఒక్క జవాబును దిద్ది మార్కు కలుపుతారు. దీంతోపాటు జవాబు పత్రం స్కాన్ నకలు కూడా ఇస్తారు. ఒక జవాబుకు పరీక్షకుడు ఎనిమిదికి అయిదు వేశాడనుకోండి, ఆ అయిదు ఎందుకు ఆరు కాకూడదు అన్న ప్రశ్న ఇందులో ఎవరూ వేయరు. దాన్ని రీవాల్యుయేషన్ అంటారు. ఇంటర్లోనూ పదో తరగతిలోనూ దానికి నిబంధన లేదు.

రెండో ఏడాది ఎంపీసీ విద్యార్థికి ఆరు పేపర్లు. అన్నింటికీ రీవెరిఫికేషన్ కడితే 7,800 రూపాయలు. అన్నింటికీ రీకౌంటింగ్ మాత్రమే అయితే 1,560. దిగువ మధ్యతరగతి తండ్రి ఈ రెండు అంకెల మధ్య తేల్చుకోలేక చివరికి 260 వైపే మొగ్గుతాడు. నా దృష్టిలో అది తక్కువ డబ్బుకు దొరికే సరుకు కాదు, వృథా అయ్యే డబ్బు. కూడిక తప్పులు లేవని అనను. కానీ మూల్యాంకనంలో పరీక్షకుడి తర్వాత స్క్రూటినైజర్ అనే మరో మనిషి కూర్చునేది ప్రధానంగా ఆ కూడిక కోసమే. రెండు కళ్ల జతలు దాటి వెళ్లిన తప్పు, కూడికలో కంటే పేజీల మధ్య దాక్కునే అవకాశమే ఎక్కువ.

## తప్పు ఎక్కడ పుడుతుంది

2025 నాటి ఇంటర్ జవాబు పత్రం 24 పేజీల బుక్‌లెట్. పరీక్షకుడు లోపలి పేజీల్లో ఒక్కో జవాబు పక్కన మార్కు వేసి, దాన్ని ప్రశ్న సంఖ్య ప్రకారం ముందు పట్టికలోకి ఎక్కించి, మొత్తం వేస్తాడు. ఈ దారిలో మార్కు జారిపోయే చోట్లు నాకు తెలిసినంతలో కొన్నే. వ్యాసరూప ప్రశ్నను సగం రాసి, ఖాళీ పేజీలు వదిలేసి చివర్లో మిగతాది రాసిన పిల్లల పేపర్లు ఒకటి. కొనసాగింపు వెనక ఉందన్న సూచన లేకపోతే ఆ సగం కంటబడకపోవచ్చు. ప్రశ్న సంఖ్య తప్పుగా వేసినవి రెండోది: పద్నాలుగో ప్రశ్నకు జవాబు రాసి మార్జిన్‌లో పదమూడు అని వేస్తే, ఆ మార్కు పట్టికలో ఏ గడిలో పడాలో తికమక. ఇక, రెండు జవాబులు అతుక్కున్నట్టుగా, గీత కూడా లేకుండా రాసినవి. రెండింటికీ కలిపి ఒకే మార్కు పడే ప్రమాదం ఇక్కడే.

వీటిని బట్టి దరఖాస్తు చేయాలో వద్దో కొంతవరకు ముందే ఊహించవచ్చు. పిల్లలను కూర్చోబెట్టి నేను అడిగేది ‘ఎంత వస్తుందనుకున్నావు’ అని కాదు. ‘ఏ ప్రశ్న ఎక్కడ రాశావు, మధ్యలో వదిలి వెనక్కి వెళ్లి రాశావా’ అని. గుర్తున్నవాళ్లు చెబుతారు. వెనక్కి వెళ్లి రాసిన వ్యాసం ఉందంటే, వచ్చిన మార్కులకూ ఊహకూ తేడా దాదాపు ఆ వ్యాసమంత ఉంటే, 1,300 కట్టమంటాను. అన్ని సబ్జెక్టుల్లోనూ నాలుగేసి, అయిదేసి మార్కులు తగ్గాయంటే కట్టవద్దంటాను. అది దిద్దుబాటు బిగువు. రీవెరిఫికేషన్ దాన్ని తాకదు.

ఒక మినహాయింపు. పరీక్ష రాసినా గైర్హాజరు అని పడటం, ప్రాక్టికల్ మార్కులు ఎక్కకపోవడం లాంటివి జవాబు పత్రం సమస్యలు కావు. వాటికి ఈ ఫీజులు కట్టి ప్రయోజనం లేదు. ఆ రోజే కళాశాలకు వెళ్లి ప్రిన్సిపాల్ ద్వారా హాజరు పత్రంతో రాతపూర్వకంగా పంపించాలి.

## నలభై ఒకటా, నలభై ఆరా

చంద్రగిరి వైపు నుంచి ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. అమ్మాయికి రెండో ఏడాది కెమిస్ట్రీలో అరవైకి 41. తను అనుకున్నది 55. నేను వద్దన్నా వినకుండా ఆయన రీవెరిఫికేషన్ ఫీజు కట్టేశారు. నకలు వచ్చాక ప్రింటు తీయించుకుని మళ్లీ వచ్చారు. ముఖంలో కోపం, చేతిలో ఎర్ర పెన్ను.

“చూడండి సార్, లోపల వేసిన మార్కులన్నీ నేనే కూడాను. నలభై ఆరు వస్తున్నాయి. మొదటి పేజీలో నలభై ఒకటే వేశారు. అయిదు మార్కులు ఎక్కడికి పోయాయి?”

కూడిక సరైనదే. నేనూ కూడి చూశాను. అతిస్వల్ప జవాబుల్లో ఇరవైకి 15. స్వల్ప సమాధాన ప్రశ్నల విభాగంలో ఎనిమిదింటిలో ఆరు రాయాలి, ఒక్కోటి నాలుగు మార్కులు. అమ్మాయి ఏడు రాసింది: 4, 3, 3, 2, 2, 2, 1. వ్యాసరూప ప్రశ్నల్లో మూడింటిలో రెండు రాయాలి, ఒక్కోటి ఎనిమిది మార్కులు. మూడూ రాసింది: 5, 5, 4. అదనంగా రాసినవాటినీ పరీక్షకుడు దిద్దాడు. మొత్తం వేసేటప్పుడు ఎక్కువ వచ్చిన ఆరింటినీ, ఎక్కువ వచ్చిన రెండింటినీ ఉంచి మిగతావి వదిలేశాడు. 15, 16, 10 కలిపితే 41. పోయాయనుకున్న అయిదు మార్కులు ఏడో స్వల్ప సమాధానానికి పడిన ఒకటీ, మూడో వ్యాసానికి పడిన నాలుగూ. అవి ఎప్పుడూ లెక్కలోవి కావు.

ఆయన చాలాసేపు ఆ కాగితం వైపు చూశారు. “మరి మూడూ దిద్దడం ఎందుకు సార్?” అన్నారు. మంచి ప్రశ్నే. ఏ రెండు మెరుగ్గా రాసిందో తెలియాలంటే మూడూ దిద్దాలి కదా అన్నాను. ఒప్పుకున్నారు కానీ సంతోషంగా కాదు.

ఆ తర్వాత అమ్మాయితో కూర్చుని ఓజోన్ వ్యాసం తీశాను. తయారీ, పొటాషియం అయొడైడ్‌తో, పాదరసంతో, లెడ్ సల్ఫైడ్‌తో, ఇథిలీన్‌తో చర్యలు అడిగారు. తయారీలో నిశ్శబ్ద విద్యుదుత్సర్గం అన్న మాట ఉంది, పరికరం బొమ్మ లేదు. లెడ్ సల్ఫైడ్ సమీకరణం `PbS + O3 → PbSO4 + O2` అని రాసింది. నాలుగు ఓజోన్ అణువులు కావాలి, నాలుగు ఆక్సిజన్ అణువులు రావాలి. తుల్యం చేయలేదు. పాదరసం ఓజోన్ తగిలి మెరుపు, కదలిక కోల్పోయి గాజుకు అంటుకుంటుందన్న వివరణ ఉంది, సమీకరణం లేదు. ఎనిమిదికి అయిదు. నేనైతే అయిదున్నర వేసి ఆరు చేసేవాణ్ణేమో. మరో పరీక్షకుడు నాలుగే వేసేవాడేమో.

“చదివినట్టే రాశాను కదా సార్” అంది. చదివినట్టే రాసింది. తుల్యం మాత్రం చేయలేదు. ఇది ఆమెకు పేపరు చూసిన రోజే తెలిసింది. మరి 1,300 రూపాయలు దండగా అంటే, నేను దండగ అనను. మార్కు ఒక్కటీ మారలేదు. కానీ ఈ అమ్మాయి మళ్లీ ఎవరినీ అనుమానించదు. ఆ తండ్రి ఆ డబ్బు కట్టింది అనుమానం తీర్చుకోవడానికే. కడుపు మండేది అక్కడే: అనుమానం తీర్చుకునే నకలుకు మార్కు మార్పించుకునే దరఖాస్తుతో కలిపి ఒకే ధర ఎందుకు?

ఒకవేళ ఆ అయిదు మార్కులూ నిజంగానే కలిసి ఉంటే ఏమయ్యేదో కూడా ఆయనకు లెక్క వేసి చూపించాను. ఈఏపీసెట్‌లో ఇంటర్ వెయిటేజీ 25 శాతం. రెండేళ్ల గ్రూపు సబ్జెక్టులు కలిపి 600 మార్కులకు 25 పాయింట్లు. అయిదు మార్కులకు 0.2 పాయింటు. ర్యాంకు కొద్దిగా కదులుతుంది, అంతకుమించి లేదు. అదే ఒకటి రెండు మార్కులైనా మనిషి దారినే మార్చేవి కొన్ని గీతలున్నాయి. 35 శాతం దగ్గర ఆగిపోయినవాడు, ఎన్ఐటీ ప్రవేశానికి కావలసిన 75 శాతానికి ఒక మార్కు దూరంలో ఉన్నవాడు, ఇంజనీరింగ్ ప్రవేశానికి గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం కావలసిన ఓసీ విద్యార్థి. గీతకు దగ్గరగా ఉన్నవాళ్లు కట్టడంలో అర్థముంది. గీతకు దూరంగా ఉన్నవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోవాలి.

## గడువుల చిక్కు

2025లో ఫలితాలు ఏప్రిల్ 12న వచ్చాయి. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ దరఖాస్తులకు ఏప్రిల్ 13 నుంచి 22 వరకు గడువు. సప్లిమెంటరీ ఫీజుకు ఏప్రిల్ 15 నుంచి 22. పరీక్షలు మే 12 నుంచి. రెండు గడువులూ ఒకే రోజు ముగిశాయి చూడండి. రీవెరిఫికేషన్ ఫలితం చూసుకుని సప్లిమెంటరీ సంగతి తేల్చుకుందామంటే కుదరదు. ఫెయిలైన విద్యార్థి రెండూ కట్టాలి, సప్లిమెంటరీకి చదవడమూ మొదలుపెట్టాలి. ‘పేపరు పెట్టాం, వస్తుందిలే’ అని పుస్తకం తెరవకుండా కూర్చుని, మార్పు లేదన్న జవాబూ పరీక్షా ఒక్కసారే మీద పడినవాళ్లను చూశాను.

పదో తరగతిలో మరో మెలిక ఉంది. ఆ ఏడాది ఫలితాలు ఏప్రిల్ 23న వస్తే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ దరఖాస్తులు ఏప్రిల్ 24 నుంచి మే 1 వరకు. సబ్జెక్టుకు 500, నకలుతో కూడిన రీవెరిఫికేషన్ అయితే 1,000. దరఖాస్తు విద్యార్థి సొంతంగా చేయలేడు, ప్రధానోపాధ్యాయుడి లాగిన్ నుంచే వెళ్లాలి. వేసవి సెలవులు, బడికి తాళం. హెడ్మాస్టరు ఊరికి వెళ్లి ఉంటే ఫోన్లోనే బతిమాలుకోవాలి. తాలూకా కేంద్రాల్లో ఉన్నవాళ్లకు ఇదేమంత కష్టం కాదు. కుప్పం వైపో, సత్యవేడు వైపో మారుమూల ఊళ్లో ఉన్న పిల్లకు ఆ ఎనిమిది రోజులు ఎలా గడుస్తాయో ఆలోచించండి.

## మరి మళ్లీ దిద్దితే తప్పేమిటి

నా మాటలు విని పాత సహోద్యోగి ఒకరు వాదనకు దిగారు. “నువ్వు ఇన్ని చెబుతావు కానీ, తప్పులు నిజంగా లేవా? 2025లో పదో తరగతి పేపర్లు వెరిఫికేషన్‌కు వెళ్తే వేలల్లో మార్కులు మారాయి కదా. దిద్దినవాళ్ల మీద చర్యలు కూడా తీసుకున్నారు. అలాంటప్పుడు మొత్తం మళ్లీ దిద్దించే హక్కే ఇవ్వాలి” అన్నారు.

ఆ వార్తలు నేనూ చదివాను. అవి నా గురించే అన్నట్టు సిగ్గు పడ్డాను కూడా. కానీ వాటిని ఏ కోణంలో చదవాలన్నది ఒకటుంది. రీవాల్యుయేషన్ లేని పద్ధతిలోనే అన్ని మార్కులు మారాయి. అంటే వదిలేసిన జవాబులు, ఎక్కని మార్కులు, తప్పిన కూడికలు అన్నమాట. అంటే మొదటిసారి జరగాల్సిన సరిచూపు సరిగ్గా జరగలేదు. దానికి మందు రోజుకు ఒక్కొక్కరి చేత ఎన్ని పేపర్లు దిద్దిస్తున్నామన్న దగ్గర వెతకాలి, ఎండలో ఫ్యాన్ తిరగని గదుల్లో వెతకాలి. అభిప్రాయం మీద పడిన మార్కును రెండో మనిషి అభిప్రాయంతో మార్చడం వేరే విషయం.

ఓజోన్ వ్యాసం సంగతే చూడండి. నేను ఆరు, ఇంకొకరు నాలుగు. ఇద్దరిదీ తప్పు కాదు. మళ్లీ దిద్దించే హక్కు డబ్బుతో వస్తే, ఆ తేడా ఎప్పుడూ డబ్బు కట్టగలిగినవాడి వైపే ఒరుగుతుంది. కట్టలేని పిల్ల అదే జవాబుకు నాలుగుతోనే ఉండిపోతుంది. తగ్గితే తగ్గిన మార్కే ఖాయం అన్న నిబంధన పెడితే ఈ పక్షపాతం కొంత తగ్గుతుంది. సీబీఎస్ఈలో అలా ఉంది. అయినా పూర్తిగా పోదు.

న్యాయస్థానాలూ దాదాపు ఈ వైపే ఉన్నాయి. నిబంధనల్లో లేని రీవాల్యుయేషన్‌ను హక్కుగా అడగలేరని 1984లో మహారాష్ట్ర బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2017 చివర్లో రణ్ విజయ్ సింగ్ కేసులో మళ్లీ అదే చెబుతూ, జాలితో పేపర్లు దిద్దించే పని న్యాయస్థానాలది కాదంది. కాబట్టి మార్కు తక్కువ వేశారని హైకోర్టుకు వెళ్దామనే తండ్రులకు నేను చెప్పేది, ఖర్చు మిగిలించుకోండని. దిద్దకుండా వదిలేశారన్నది చూపించగలిగితే అది వేరే సంగతి.

## చూడటం హక్కు, మార్పించుకోవడం తర్వాత

తన పేపరు తాను చూసే విషయంలో మాత్రం అదే సుప్రీంకోర్టు మరోలా మాట్లాడింది. దిద్దిన జవాబు పత్రం సమాచార హక్కు చట్టం కింద ‘సమాచారమే’ అనీ, విద్యార్థికి చూపించాలనీ 2011లో ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో తేల్చింది. బోర్డు ఆ పత్రాలను భద్రపరిచే కాలంలోపే అడగాలన్న పరిమితి పెట్టింది. 2019లో కంపెనీ సెక్రటరీల ఇన్‌స్టిట్యూట్ కేసులో ఇంకో మెట్టు ఎక్కింది: సంస్థ తన నిబంధనల్లో నకలుకు ఎంత ఫీజు పెట్టుకున్నా, సమాచార హక్కు కింద అడిగినవారి దగ్గర ఆ చట్టం ఫీజే తీసుకోవాలని.

మన రాష్ట్రంలో ఆ ఫీజు దరఖాస్తుకు 10 రూపాయలు, పేజీకి 2 రూపాయలు. 24 పేజీల బుక్‌లెట్‌కు కలిపి 58. ఒక పక్క 58, మరో పక్క 1,300. అయితే ఆ 58 రూపాయల దారికి 30 రోజులు పడుతుంది, రీవెరిఫికేషన్ గడువు పది రోజుల్లో ముగుస్తుంది. నకలు చేతికి వచ్చేసరికి దరఖాస్తు చేసే తలుపు మూసుకుపోయి ఉంటుంది. మార్కు కోసం కాదు, అనుమానం కోసమే అయితే ఈ దారి చాలు. చంద్రగిరి ఆయనకు నేను ముందు చెప్పింది ఇదే.

తలకిందులైన ఈ వరుసను సరిచేయడం అసాధ్యమేమీ కాదు. సీబీఎస్ఈ 2025లో సరిగ్గా అదే చేసింది. అంతకుముందు మొదట వెరిఫికేషన్, తర్వాత నకలు, తర్వాత రీవాల్యుయేషన్ అన్న వరుస ఉండేది. ఇప్పుడు మొదట నకలు. ఆ ఏడాది పన్నెండో తరగతికి నకలు 700 రూపాయలు, చూసుకున్నాక కావాలంటే కూడిక వగైరా సరిచూడటానికి 500, ఫలానా ప్రశ్నకే మళ్లీ దిద్దమంటే ప్రశ్నకు 100. ధరలు నాకు నచ్చలేదు, వరుస నచ్చింది. అక్కడ విద్యార్థి ‘నా పేపరు చూడండి’ అనడు. ‘పద్దెనిమిదో ప్రశ్న రెండో భాగం పదిహేనో పేజీలో ఉంది, దానికి మార్కు పడలేదు’ అంటాడు. అడిగేది అంత నిర్దిష్టంగా ఉంటే సరిచూసేవాడి పని నిమిషాల్లో అయిపోతుంది.

మన దగ్గర అభ్యంతరం ఏమిటో నాకు తెలుసు. రెండేళ్లూ కలిపి పది లక్షల మంది దాకా పిల్లలు, ఒక్కొక్కరికి అయిదారు పేపర్లు, అన్నీ స్కాన్ చేయడానికి ఎంత సమయం, ఎంత ఖర్చు అంటారు. అందరివీ ముందే స్కాన్ చేయమని నేను అడగడం లేదు. ఫలితాలు వచ్చిన తొలి వారంలో నామమాత్రపు ఫీజుతో నకలు అడిగినవాళ్లకు ఇవ్వండి, ఆ నకలు చేరిన రోజు నుంచి వారం లెక్కపెట్టి ఫిర్యాదు గడువు పెట్టండి. నకలు చూసుకున్నవాళ్లలో ఎక్కువమంది అక్కడితో ఆగిపోతారు, ఆ చంద్రగిరి అమ్మాయిలా. మిగిలినవాళ్లు ప్రశ్న సంఖ్యా పేజీ సంఖ్యా రాసి పంపుతారు. ఫిర్యాదు నిజమని తేలితే వాళ్లు కట్టిన డబ్బు తిరిగి ఇచ్చేయాలి.

కౌన్సెలింగ్ తేదీల్లోపు ఇదంతా ముగియదన్న వాదనలో కొంత పస ఉంది. 2025లో ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పరీక్షలే మే 21 నుంచి 27 వరకు జరిగాయి, కౌన్సెలింగ్ ఆ తర్వాతే. ఏప్రిల్ 12న ఫలితాలు ఇస్తే ఏప్రిల్ 25కల్లా నకళ్లు, మే మొదటి వారానికి ఫిర్యాదులు, నెలాఖరుకు జవాబులు అన్నది నాకు అసాధ్యంగా కనబడదు. సప్లిమెంటరీ రాసేవాళ్ల విషయంలోనే ఇబ్బంది. వాళ్ల నకళ్లను ముందు వరుసలో పంపాలి, 35 శాతానికి అటూ ఇటూ ఉన్నవాళ్లవి అందరికంటే ముందు.